ఒక్క మాత్రలో రెండు మందులు: ట్రామడాల్‌తో ఫిట్స్ ఎందుకొస్తాయి?

మోకాళ్ళ నొప్పికో, నడుం నొప్పికో, ఆపరేషన్ తర్వాత కుట్ల నొప్పికో డాక్టరు ట్రామడాల్ రాస్తే మనం దాన్ని కాస్త గట్టి నొప్పి మాత్ర అనుకుని వేసుకుంటాం. తాము వేసుకుంటున్నది ట్రామడాల్ అని తెలియనివాళ్ళూ చాలామందే. 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌తో 37.5 మిల్లీగ్రాముల ట్రామడాల్ కలిపిన మాత్రను మెడికల్ షాపులో బ్రాండు పేరుతో అడిగి తెచ్చుకుంటారు తప్ప, షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవరు. ఇది మార్ఫిన్ జాతికి చెందినదని కొందరు విని ఉంటారు. ఇదే మందు మెదడులోనూ వెన్నుపాములోనూ డిప్రెషన్ మాత్రలు చేసే పని కూడా చేస్తుందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. ఈ మాత్రతో కొందరికి ఫిట్స్ ఎందుకు వస్తాయో అర్థం కావాలంటే ఆ రెండో పని ఏమిటో తెలియాలి.

ట్రామడాల్‌ను జర్మనీలో గ్రూనెన్‌థాల్ అనే కంపెనీ 1962లో తయారుచేసింది. అక్కడి మార్కెట్‌లోకి వచ్చింది 1977లో. మార్ఫిన్ లాంటి మందే అయినా ఊపిరిని అంతగా అణచదని, అలవాటు అంతగా పడదని మొదట్లో అందరూ నమ్మారు. 1995లో అమెరికా అనుమతి ఇచ్చింది. మరుసటి సంవత్సరమే ఫిట్స్ గురించి డాక్టర్లను హెచ్చరించాల్సి వచ్చింది. మార్ఫిన్ రకం మందులతో మామూలుగా భయపడేది ఊపిరి ఆగిపోతుందని. ఈ మందుతో మాత్రం ఫిట్స్ వార్తలు ముందు వచ్చాయి. అంటే ఇది పూర్తిగా మార్ఫిన్ దారిలో నడిచే మందు కాదన్నమాట.

నిజానికి ట్రామడాల్‌కు మార్ఫిన్ గుణం స్వతహాగా చాలా తక్కువ. నాడీకణాల మీద మార్ఫిన్ అతుక్కునే చోట్లు కొన్ని ఉంటాయి. వాటిని మ్యూ రిసెప్టర్లు అంటారు. నొప్పి కబురు మెదడుకు పోకుండా మార్ఫిన్ అడ్డుపడేది అక్కడ కూర్చునే. ట్రామడాల్ కూడా అక్కడ అతుక్కుంటుంది గానీ, ఆ పట్టు మార్ఫిన్ పట్టులో వేల వంతు కూడా ఉండదు. ఆ మాత్రం పట్టుతో మోకాలి నొప్పి తగ్గదు. తగ్గించే పదార్థం కాలేయంలో తయారవుతుంది. సీవైపీ2డీ6 అనే ఎంజైము ట్రామడాల్ అణువు నుంచి ఒక చిన్న ముక్కను తీసేస్తుంది. అలా మిగిలిన పదార్థానికి డాక్టర్లు ఎమ్1 అని పేరు పెట్టుకున్నారు. మ్యూ రిసెప్టర్ మీద దీని పట్టు అసలు ట్రామడాల్ కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. మనం అనుభవించే మార్ఫిన్ లాంటి ఉపశమనంలో చాలా భాగం ఈ ఎమ్1 చలవే. మత్తు, మలబద్ధకం, అలవాటు పడే గుణం కూడా చాలావరకు దీనివే.

మరి కాలేయం ఇంకా ముట్టుకోని ట్రామడాల్ ఊరికే ఉంటుందా? ఉండదు. మన వెన్నుపాములో నొప్పి కబుర్లను తగ్గించే ఏర్పాటు ఒకటి పుట్టుకతోనే ఉంది. మెదడు కింది భాగం నుంచి కొన్ని నరాలు వెన్నుపాములోకి దిగి, అక్కడ సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రెండు రసాయనాలను విడుదల చేస్తాయి. అవి ఉన్నంతసేపు కాళ్ళూ చేతుల నుంచి పైకి పోయే నొప్పి కబుర్ల తీవ్రత తగ్గుతుంది. పని పూర్తయ్యాక నాడీకణాలు ఆ రసాయనాలను మళ్ళీ లోపలికి పీల్చేసుకుంటాయి. ట్రామడాల్ ఈ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది. దాంతో ఆ రసాయనాలు నరాల మధ్య ఎక్కువసేపు నిలుస్తాయి. డిప్రెషన్‌కు ఇచ్చే వెన్లాఫాక్సిన్ చేసేది కూడా సరిగ్గా ఇదే పని. అణువు నిర్మాణంలోనూ ఈ రెండు మందులు దగ్గర చుట్టాలు.

ఇంకో విశేషం ఉంది. మాత్రలోని ట్రామడాల్ ఒకే రకం అణువులతో తయారైనది కాదు. అవే పరమాణువులు, అదే అమరిక, కుడి ఎడమలు మాత్రం తారుమారైన రెండు రూపాలు అందులో సగం సగం ఉంటాయి. సెరటోనిన్‌ను ఎక్కువగా నిలిపి ఉంచేది ఒక రూపం, నారడ్రినలిన్‌ను నిలిపి ఉంచేది రెండో రూపం. ఈ రెండు రూపాలు కలిసి ఉన్నప్పుడే నొప్పి బాగా తగ్గుతుంది. మందు తయారీదారులు వీటిని విడదీయకుండా అమ్ముతున్నది అందుకే.

సెరటోనిన్ పని పేరుకు మాత్రమే కాదని చెప్పడానికి రెండు ఆధారాలు ఉన్నాయి. మార్ఫిన్‌కు విరుగుడు నలాక్సోన్. మ్యూ రిసెప్టర్ల మీది నుంచి మార్ఫిన్‌ను నెట్టేస్తుంది. మార్ఫిన్ తీసుకున్నవారికి దాన్ని ఇస్తే ఉపశమనం మొత్తం పోతుంది. ట్రామడాల్ తీసుకున్నవారికి ఇచ్చి చూస్తే పోయింది సుమారు మూడో వంతే. మిగతాది సెరటోనిన్, నారడ్రినలిన్‌ల దారిలో నిలబడింది. రెండో ఆధారం మన ఆసుపత్రుల్లో రోజూ కనిపించేదే. ట్రామడాల్ ఇంజెక్షన్‌తో కడుపులో తిప్పి వాంతులవుతాయి కాబట్టి తోడుగా ఓండాన్సెట్రాన్ ఇస్తారు. ఓండాన్సెట్రాన్ పని సెరటోనిన్ రిసెప్టర్లలో ఒక రకాన్ని మూసేయడం. ఆ రకం రిసెప్టర్లు వెన్నుపాములోనూ ఉన్నాయి. ఆపరేషన్ అయినవారి మీద చేసిన అధ్యయనాల్లో, ఓండాన్సెట్రాన్ అందుకున్నవారికి నొప్పి తగ్గడానికి ట్రామడాల్ ఎక్కువ కావాల్సి వచ్చింది. వాంతి మందు ఇవ్వకూడదని కాదు. సెరటోనిన్ దారిని కాస్త మూసినా ఈ మందు బలం తగ్గుతుందని మాత్రం దీంతో రుజువైంది.

ఇక అసలు చిక్కు సీవైపీ2డీ6 దగ్గర ఉంది. ఇది అందరిలోనూ ఒకేలా పనిచేయదు. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము పనిచేయదు. వాళ్ళు ట్రామడాల్ వేసుకుంటే ఎమ్1 దాదాపుగా తయారుకాదు. కొందరిలో దీని జన్యువుకు అదనపు ప్రతులుండి ఎమ్1 అతి వేగంగా, ఎక్కువగా తయారవుతుంది. ఇథియోపియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల్లో ఇలాంటివారు ఎక్కువ. పిల్లల్లో ఇలా జరిగి ఊపిరి ఆగిన సందర్భాలు ఉన్నందువల్లే, 12 ఏళ్ళ లోపు పిల్లలకు ట్రామడాల్ వాడకూడదని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 18 ఏళ్ళ లోపువారికి టాన్సిల్స్ తీసిన తర్వాత కూడా వాడకూడదని చెప్పింది.

పుట్టుకతో వచ్చే తేడా కొందరికే. మందులతో మనం తెచ్చిపెట్టుకునే తేడా ఎవరికైనా రావచ్చు. ఫ్లూయాక్సెటిన్, పరాక్సెటిన్, బ్యుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులు సీవైపీ2డీ6ను గట్టిగా అడ్డుకుంటాయి. ఇవి వేసుకుంటున్నవారు ట్రామడాల్ తీసుకుంటే ఒకేసారి రెండు విషయాలు జరుగుతాయి. ఎమ్1 తగ్గి నొప్పి సరిగ్గా తగ్గదు. మారకుండా మిగిలిన ట్రామడాల్ ఒంట్లో పెరుగుతుంది. సెరటోనిన్‌ను నిలిపేదీ, ఫిట్స్‌కు దారితీసేదీ ఆ మిగిలిన ట్రామడాలే. పైగా ఆ డిప్రెషన్ మందుల్లో మొదటి రెండూ సెరటోనిన్‌ను సొంతంగానే పెంచుతాయి. బ్యుప్రోపియాన్ సెరటోనిన్ జోలికి పోదు గానీ, ఫిట్స్ తెప్పించే గుణం దానికే ఉంది. నొప్పి తగ్గని మనిషి ఏం చేస్తాడు? ఇంకో మాత్ర వేసుకుంటాడు.

ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి సందర్భాల్లో జరిగే సంగతులను ఒకచోట చేర్చి చెబుతున్నాను.

ఆమెకు 58 ఏళ్ళు. మోకాళ్ళు అరిగాయి. భర్త పోయిన తర్వాత నిద్ర పట్టక, అన్నం సహించక ఉంటే పట్నంలో మానసిక వైద్యుడు ఫ్లూయాక్సెటిన్ 20 మిల్లీగ్రాములు రాశారు. ఏడాదిగా రోజూ పొద్దున వేసుకుంటోంది, కోలుకుంది కూడా. మోకాలు వాచిందని ఎముకల డాక్టరు దగ్గరికి కోడలిని తోడు తీసుకుని వెళ్ళింది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని ఆయన అడిగారు. బీపీ మాత్ర సంగతి చెప్పింది. మనసుకు మందు వాడుతున్నానని కోడలి ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ట్రామడాల్ 50 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి రాశారు. ఆయనకు తెలిసినంతలో ఆ చీటీలో తప్పేమీ లేదు.

మొదటి రెండు రోజులు కడుపులో తిప్పడం, తల తిరగడం తప్ప మోకాలికి చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఫ్లూయాక్సెటిన్ ఆమె కాలేయంలో సీవైపీ2డీ6ను పట్టి ఉంచింది కదా, ఎమ్1 తగినంత తయారుకాలేదు. మూడో రోజు నుంచి తనే మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి కలిపి రోజుకు నాలుగు వేసుకోవడం మొదలుపెట్టింది. నాలుగో రోజు సాయంత్రం ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చి ఒక నొప్పి ఇంజెక్షన్ వేశాడు. అదీ ట్రామడాలే, 100 మిల్లీగ్రాములు. ఆ రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములయింది. పెద్దవారికి రోజుకు గరిష్ఠంగా 400 మిల్లీగ్రాముల వరకు ఇవ్వవచ్చని పుస్తకాలు చెబుతాయి. ఆ లెక్కన ఆమె హద్దు దాటలేదు. అయితే ఆ హద్దు కాలేయం మామూలుగా పనిచేస్తూ, పక్కన సెరటోనిన్ పెంచే మందేదీ లేనివారికి గీసినది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణకడం, రెండుసార్లు నీళ్ళ విరేచనాలు. కాళ్ళు తమంతట తామే ఎగిరిపడుతున్నాయని చెప్పింది. ఇంట్లోవాళ్ళు ఎండకు వడగొట్టిందని మజ్జిగ ఇచ్చారు. నిజానికి ఇవన్నీ ఒంట్లో సెరటోనిన్ మోతాదు మించిందని చెప్పే గుర్తులు. తెల్లవారుజామున లేచి టీ తాగి మరో మాత్ర వేసుకుంది. రెండు గంటల తర్వాత వంటింట్లో పడిపోయింది. ఒళ్ళు కొయ్యబారి, తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నాలుక కొరుక్కుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోయింది గానీ అరగంట దాకా ఎవరినీ గుర్తుపట్టలేదు.

ట్రామడాల్ ఫిట్స్ సాధారణంగా ఇలాగే వస్తాయి. మాత్ర వేసుకున్నాక మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది రెండు మూడు గంటల్లో. ఎక్కువ మోతాదు మింగినవారిలో ఫిట్స్ చాలావరకు మొదటి ఆరు గంటల్లోనే కనిపిస్తాయి. సాధారణంగా ఒకసారే వస్తుంది, ఒళ్ళంతా కొట్టుకుంటుంది, త్వరగానే ఆగుతుంది. చెప్పిన మోతాదులోనే వాడుతున్నవారికి ఫిట్స్ రావడం అరుదు. అరుదే గానీ వస్తుంది, అలాంటి కేసులు నమోదయ్యాయి. ఇరాన్‌లో ట్రామడాల్ దుర్వినియోగం బాగా పెరిగిన కాలంలో ఎమర్జెన్సీ వార్డులకు వచ్చినవారిలో ఎందరో ఇలాంటి ఫిట్స్‌తో వచ్చినవారే. ఈ సమస్య మీద వైద్య పత్రికల్లో వచ్చిన పరిశోధనల్లో చాలా భాగం అక్కడివే.

ఇంతకీ ఫిట్స్‌కు కారణం సెరటోనినేనా? చాలామంది అలాగే అనుకుంటారు. వైద్య పాఠాల్లోనూ కొన్నిసార్లు అలాగే చెప్పేస్తారు. నేను చదివినంతలో సంగతి అంత నేరుగా లేదు. మెదడులో కోట్ల నాడీకణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఉంటాయి. అవి అదుపు తప్పకుండా గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. ఫిట్స్ అంటే ఆ బ్రేకు వదులై, లక్షల కణాలు ఒక్కసారిగా, ఒకే తాళంలో విద్యుత్తును వెదజల్లడం. ట్రామడాల్ పరిమాణం పెరిగినప్పుడు గాబా పనిచేసే రిసెప్టర్లను అణచివేస్తుందని ప్రయోగశాలలో కనిపించింది. ఎలుకలకు ఎక్కువ మోతాదు ట్రామడాల్ ఇచ్చి చేసిన ప్రయోగాల్లో, గాబాకు బలమిచ్చే డయజెపామ్ ముందుగా ఇస్తే ఫిట్స్ ఆగాయి. సెరటోనిన్‌ను అడ్డుకునే సైప్రోహెప్టడిన్ ఇస్తే ఆగలేదు. అంటే ఫిట్స్ బాధ్యత ఒక్క సెరటోనిన్ మీద వేయడానికి లేదు. గాబా బలహీనపడటం ఒక పక్క, నారడ్రినలిన్, సెరటోనిన్ పెరిగి కణాలను ఉసిగొల్పడం ఇంకో పక్క. రెండూ కలిసి ఫిట్స్ వచ్చే గీతను కిందికి దించుతాయని అర్థం చేసుకోవడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

కాబట్టి సెరటోనిన్ మించడం, ఫిట్స్ రావడం రెండు వేర్వేరు ప్రమాదాలు. ఒకే మందు నుంచి, తరచు ఒకే పరిస్థితుల్లో పుడతాయి కాబట్టి కలిసి వస్తాయి. ఒకటి లేకుండా మరొకటి కూడా రావచ్చు. డిప్రెషన్ మందు ఏదీ వాడని కుర్రాడు మత్తు కోసం ఒకేసారి గుప్పెడు మాత్రలు మింగితే సెరటోనిన్ గుర్తులేవీ లేకుండానే ఫిట్స్‌తో పడిపోవచ్చు.

ఆ అమ్మను క్యాజువాలిటీకి తీసుకొచ్చాక డాక్టరు ముందుగా గ్లూకోజ్ చూస్తారు. ట్రామడాల్ కొందరిలో షుగరు పడిపోయేలా చేస్తుంది, అదొక్కటే ఫిట్స్ తెప్పించగలదు. తర్వాత రక్తంలో సోడియం చూస్తారు. ట్రామడాల్, ఫ్లూయాక్సెటిన్, కొన్ని బీపీ మాత్రలు, ఈ మూడూ సోడియాన్ని తగ్గించేవే. వయసు మళ్ళిన ఆడవాళ్ళలో ఇది మరీ మామూలు. ఆ తర్వాత టార్చి వేసి కంటిపాపలు చూస్తారు. మార్ఫిన్ రకం మందు మోతాదు మించితే కంటిపాప సూదిమొనంత కావాలి. ఈమెకు పెద్దవిగా ఉన్నాయి. అది సెరటోనిన్ వైపు చూపించే గుర్తు. చివరికి మోకాలిని కొద్దిగా మడిచి, పాదాన్ని అరచేత్తో పట్టుకుని ఒక్కసారి పైకి నొక్కి పట్టుకుంటారు. మామూలు మనిషిలో పాదం అలాగే ఉండిపోతుంది. ఈమె పాదం డాక్టరు చేతిలోనే టకటకా పైకీ కిందికీ కొట్టుకుంటూ పోతుంది. దాన్ని క్లోనస్ అంటారు. సెరటోనిన్ మించిందని చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు ఇంకొకటి లేదు. రక్తపరీక్ష ఏదీ దీన్ని చెప్పలేదు. చేతులతో పట్టి చూసి తెలుసుకోవలసిందే.

చికిత్సలోనూ ఈ రెండు ముఖాల మందు ఒక ఇరకాటం పెడుతుంది. ఊపిరి మందగించిన రోగికి నలాక్సోన్ ఇవ్వాలి, ఊపిరిని మించినది లేదు. ట్రామడాల్ విషయంలో నలాక్సోన్ మార్ఫిన్ పనినే తీసేస్తుంది, మిగతాదాన్ని తాకదు. పైగా జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ట్రామడాల్ ఎక్కువైనప్పుడు నలాక్సోన్ ఇస్తే ఫిట్స్ పెరిగాయి. ఆ హెచ్చరిక మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. అందుకే ఊపిరి బాగా ఉన్నవారికి విరుగుడు కదా అని దాన్ని ఊరికే ఇవ్వరు. ఫిట్స్‌కు ఇచ్చేవి లొరజెపామ్, మిడజోలామ్, డయజెపామ్ వంటి గాబాకు బలం చేకూర్చే మందులు. సెరటోనిన్ వల్ల కలిగే వణుకును, ఆందోళనను కూడా ఇవే తగ్గిస్తాయి. తర్వాత ట్రామడాల్, ఫ్లూయాక్సెటిన్ రెండూ ఆపి ఒకరోజు కనిపెట్టుకుని ఉంటే చాలామంది కోలుకుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త గుర్తుంచుకోవాలి. ఫ్లూయాక్సెటిన్ ఆపిన మర్నాడే ఒంట్లోంచి పోదు. అది, దాని నుంచి తయారయ్యే పదార్థం కలిపి వారాల తరబడి నిలుస్తాయి. ఆపి నాలుగైదు వారాలైనా సీవైపీ2డీ6 మీద దాని పట్టు ఉండొచ్చు. "ఆ మాత్ర పోయిన నెలే మానేశాను" అనే రోగి కూడా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి ఈ ఎంజైమును అంతగా పట్టుకోవు గానీ సెరటోనిన్‌ను అవీ పెంచుతాయి. నిద్ర కోసమో నరాల నొప్పి కోసమో రాసే అమిట్రిప్టిలిన్, ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే లినిజోలిడ్ కూడా ఈ జాబితాలోవే. డాక్టరు అన్నీ తెలిసి, తక్కువ మోతాదులో, కనిపెట్టుకుంటూ రెండూ కలిపి ఇచ్చే సందర్భాలు లేకపోలేదు. ప్రమాదమంతా ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవడంలోనే ఉంది.

మందులే కాదు, మనిషి ఒంటి స్థితి కూడా లెక్కలోకి వస్తుంది. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, తలకు గట్టి దెబ్బ తగిలినవారు, రోజూ తాగి ఒక్కసారిగా మానేసినవారు ట్రామడాల్ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వీళ్ళలో ఫిట్స్ వచ్చే గీత అప్పటికే కిందికి దిగి ఉంటుంది. ఇంకో వర్గం కిడ్నీ రోగులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల ఎందరికో కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వకూడదు. ఒళ్ళు నొప్పులతో వచ్చిన అలాంటి రోగికి మిగిలేవి తక్కువ, వాటిలో ఒకటి ట్రామడాల్. కానీ ట్రామడాల్, ఎమ్1 రెండూ ఒంట్లోంచి చివరికి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. ఆ దారి మందగిస్తే రెండూ పేరుకుపోతాయి. కిడ్నీ వడపోత వేగం నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినవారికి రెండు మాత్రల మధ్య 12 గంటలు ఎడం ఉండాలి, రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. 75 ఏళ్ళు దాటినవారికి కిడ్నీలు బాగున్నా 300 మిల్లీగ్రాములే హద్దు. పక్కింటి పెద్దాయనకు పనిచేసిందని అదే షీటు తెచ్చి కిడ్నీ జబ్బున్న ఇంటి పెద్దకు ఇవ్వడంలో ఎంత ప్రమాదముందో ఈ అంకెలే చెబుతాయి.

మన దేశంలో ట్రామడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం కిందికి తెచ్చారు. అంతకు ముందే అది హెచ్1 షెడ్యూలులో ఉంది. దుకాణదారు ప్రతి అమ్మకాన్నీ డాక్టరు పేరుతో, రోగి పేరుతో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. చీటీ లేకుండా అమ్మకూడదు. షీటు మీద ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఎర్రటి అక్షరాలు కనిపిస్తే అది ఈ చట్టం కింద ఉన్న మందని గుర్తు. ఇంట్లో మందుల డబ్బాలో అలాంటి షీటు ఉంటే వెనక్కి తిప్పి ట్రామడాల్ అని ఉందేమో ఒకసారి చూడండి. రెండు వేర్వేరు బ్రాండు పేర్లతో ఒకే మందు రెండుసార్లు పడుతున్న ఇళ్ళు చాలానే ఉంటాయి.

కొన్ని వారాలుగా వాడుతున్నవారు ఇదంతా చదివి భయపడి ఒక్కసారిగా మానేయకూడదు. ఈ మందు రెండు పనులు చేసినట్టే మానేసినప్పుడు బాధ కూడా రెండు రకాలుగా వస్తుంది. ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు మార్ఫిన్ రకం. విపరీతమైన ఆందోళన, ఒంట్లో కరెంటు షాకు కొట్టినట్టుండటం, కొందరికి లేనివి కనిపించడం రెండో రకం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే మనవాళ్ళు చేతిలో తాళంచెవులు పెడతారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు, నీళ్ళు తాగిస్తారు. వీటిలో ఏదీ చేయకూడదు. పక్కన ఉన్న వస్తువులు జరిపి, కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఎంతసేపు ఉందో గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, మళ్ళీ వచ్చినా, జీవితంలో ఇదే మొదటిసారి అయినా 108కి ఫోన్ చేయాలి. వెళ్ళేటప్పుడు ఆ మనిషి వాడే మందులన్నీ, ఖాళీ షీట్లతో సహా, ఒక సంచిలో వేసుకుని పోవాలి. మనసుకు వాడే మందు షీటు కూడా అందులో ఉండాలి. డాక్టరుకు ట్రామడాల్ సంగతి తెలిస్తే, ఇది మందు వల్ల వచ్చిన ఫిట్ అని గుర్తించి ఆ మందు ఆపుతారు. మామూలుగా ఆ తర్వాత మూర్ఛ మాత్రలు ఏళ్ళ తరబడి వాడాల్సిన పని ఉండదు. తెలియకపోతే తలకు స్కానింగ్, ఈఈజీ తీసి, ఏమీ కనిపించకపోయినా ముందు జాగ్రత్తగా మూర్ఛ మాత్రలు మొదలుపెట్టవచ్చు. ఇంటికొచ్చిన రోగి మోకాలి నొప్పికి పాత షీటులో మిగిలిన ట్రామడాల్‌ను మళ్ళీ మొదలుపెట్టవచ్చు.